బగ్ టెంప్లేట్‌లో పెట్టాకే డెవలపర్లు క్లోజ్ చేస్తున్నారు, మార్చడం మానేయాలా?

శ్రావణి (బెంగళూరు): మాది బిల్లింగ్ యాప్, నేను సపోర్ట్‌లో ఉన్నాను. మారతహళ్లి పాలబూత్ ఆయన వాట్సాప్‌లో ఇలా పెట్టాడు: "మేడం, పొద్దున్నే పాలు వేసేటప్పుడు కొట్టిన బిల్లులకి నిన్నటి డేట్ వస్తోంది, తర్వాత బాగానే ఉంటోంది, సాయంత్రం లెక్క తేలట్లేదు." నేను టికెట్ ఇలా రాశాను:

స్టెప్స్: యాప్ తెరిచి బిల్లు కొట్టాలి.
ఎక్స్‌పెక్టెడ్: డేట్ సరిగ్గా రావాలి.
యాక్చువల్: డేట్ తప్పు వస్తోంది.

"మాకు రావట్లేదు" అని క్లోజ్ చేశారు. ఇకనుంచి కస్టమర్ మెసేజే పంపేయనా?

కార్తీక్: పంపేయండి. టెంప్లేట్ అంతా మేనేజర్ల సరదా. లేదా ఫామ్ కస్టమర్‌కే ఇచ్చి నింపమనండి.

వెంకటరమణ: పాలబూత్ ఆయన ఫామ్ నింపుతాడా కార్తీక్, ఫోన్ చేసి తిడతాడు గానీ! శ్రావణి గారూ, "పొద్దున్నే", "తర్వాత బాగానే ఉంటోంది" అన్నవే ఆ మెసేజ్‌లో పనికొచ్చే ముక్కలు. టికెట్‌లో అవే లేవు. డెవలపర్ పదకొండింటికి కొట్టి చూస్తే డేట్ సరిగ్గానే పడుతుంది మరి.

మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సర్వర్ యూటీసీ డేట్ వేస్తోందేమో. అలాగైతే అర్ధరాత్రి నుంచి 5:30 దాకా కొట్టిన బిల్లులన్నిటికీ నిన్నటి డేటే. ఇది నా అనుమానం మాత్రమే, యాక్చువల్‌లో రాయొద్దు. అక్కడ కంటికి కనిపించిందే ఉండాలి. ఆయన్ని ఒక్కటే అడగండి: తప్పు డేట్ పడిన చివరి బిల్లు ఎన్నింటిది, సరిగ్గా పడిన మొదటిది ఎన్నింటిది?

శ్రావణి: అడిగానండి. రెండు బిల్లుల ఫొటోలూ పంపాడు. 5:26ది తప్పు, 5:34ది కరెక్ట్.

వెంకటరమణ: ఇంకేం, ఇలా రాయండి:

స్టెప్స్: ఉదయం 5:26కి ఒక బిల్లు, 5:34కి ఇంకొకటి కొట్టి, రెండిటి డేట్ చూడాలి. (కస్టమర్ చెప్పినది, మేం చేసి చూడలేదు)
ఎక్స్‌పెక్టెడ్: రెండిటికీ ఆ రోజు డేటే ఉండాలి.
యాక్చువల్: మొదటిదానికి ముందు రోజు డేట్, రెండోదానికి ఆ రోజు డేట్.

కింద ఆయన మెసేజ్ అక్షరం మార్చకుండా అతికించండి, ఫొటోలు జతచేయండి. మీరు వదిలేసిన మాట డెవలపర్‌కి అక్కడైనా దొరుకుతుంది.

కార్తీక్: అంత పొద్దున్నే ఎవరు లేస్తారు? ఫోన్‌లో టైమ్ 5:26 పెట్టి చూస్తే పోలే?

వెంకటరమణ: డేట్ ఫోన్ వేస్తుంటే పోతుంది. సర్వర్ వేస్తుంటే ఫోన్ గడియారం ఎంత తిప్పినా తప్పు కనిపించదు, మళ్లీ "రావట్లేదు" అనే అంటారు. టెస్ట్ సర్వర్ గడియారం మార్చి చూడమనండి.

ఇందిరానగర్ హోటల్: మా గోల వేరే. రాత్రి 12:40కి కొట్టిన బిల్లు కూడా నిన్నటి లెక్కలోకే రావాలంటాడు మా ఓనర్. మీరు దీన్ని సరిచేస్తే మాకు బగ్ అవుతుంది!

వెంకటరమణ: బిల్లు మీది డేట్ వేరు, ఏ రోజు అమ్మకంలో కలపాలన్నది వేరు. మీదానికి ఇంకో టికెట్ కావాలి. అందులో ఎక్స్‌పెక్టెడ్ సపోర్ట్ వాళ్లు ఊహించి రాయకూడదు. "ప్రొడక్ట్ వాళ్లు తేల్చాలి" అని వదిలేయాలి.

కార్తీక్: ఆ గడి నింపకపోతే మా లీడ్ టికెట్ తీసుకోనే తీసుకోడు సార్.

శ్రావణి: మా దగ్గరా అంతే. అందుకే ఏదో ఒకటి రాసి పంపేస్తున్నాం.