అప్‌డేట్: సిరిమానోత్సవం వ్యాఖ్యానానికి టెలిప్రాంప్టర్ స్క్రిప్టు

నా ప్రశ్న: "విజయనగరం సిరిమానోత్సవం గురించి కెమెరా ముందు మొదటిసారి చదవబోతున్నాను. స్క్రిప్టును టెలిప్రాంప్టర్‌కు ఎలా అమర్చుకోవాలి?"

మీరు చెప్పినట్టే వరుసకు మూడు నాలుగు మాటలే పట్టేంతగా అక్షరాలు పెంచాను. వరుస అంతకంటే వెడల్పైతే కళ్లు పక్కలకు కదలడం కెమెరాలో తెలిసిపోతోంది. అయితే అసలు తేడా వరుసలు విరిచే చోట కనిపించింది. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, అది ఒంటరిగా కింది వరుసకు జారితే గొంతు ముందే దిగిపోయి, వాక్యం అక్కడే ముగిసినట్టు వినిపిస్తుంది. అందుకే ఇలా విరిచాను:

పైడితల్లి అమ్మవారి సిరిమాను /
గుడి నుంచి కోట దాకా
మూడుసార్లు తిరుగుతుంది. //

ఒక గీత చిన్న విరామానికి, రెండు గీతలు ఊపిరి తీసుకోవడానికి. అంకెలన్నీ అక్షరాల్లోనే రాశాను. స్క్రోల్ వేగాన్ని నా చదువును బట్టే తిప్పమని ఆపరేటరు గారిని కోరాను.