ఏడేళ్ల పాప చేత కార్టూన్‌కు గొంతు చెప్పించడం: పాపను మార్చాలా, పద్ధతి మార్చాలా?

బొమ్మలబండి: మా యానిమేషన్ సిరీస్‌కు ఏడేళ్ల పాపను ఎంచుకున్నాము. ఆడిషన్‌లో కబుర్లు చెప్పమంటే ఎంతో సహజంగా మాట్లాడింది. రికార్డింగులో ఇరవై నిమిషాలు గడిచేసరికి పద్యం అప్పజెప్పినట్టు చదువుతోంది. ఏం చేయాలి?

కోయిల: అనుభవమున్న డబ్బింగ్ కళాకారిణి చేత చెప్పించండి. పిల్లల గొంతు మేము ఇస్తే ఒక్క పూటలో ఎపిసోడ్ ముగుస్తుంది.

రీలుపెట్టె: పెదవుల కదలికకు మాట కుదరకపోవడమే అసలు ఇబ్బంది. ఒక్కోసారి చెప్పించే దృశ్యపు ముక్కలను, అంటే లూపులను, చిన్నవిగా కోయండి.

గాజుగది: రీలుపెట్టె గారూ, ఇది డబ్బింగ్ కాదు. ఇక్కడ ముందు గొంతు, తరువాత బొమ్మ, కాబట్టి పాపను పెదవులకు కట్టేయవలసిన అవసరమే లేదు. బొమ్మలబండి గారూ, ఆడిషన్‌లో పాప చేతిలో కాగితం లేదు, ఇప్పుడు ఉంది. ముందు దానిని తీసేయండి. "నా గొడుగు ఎవరు తీశారు?" అనే మాటను ఒక బాబు ప్రతిసారీ బడిలో జవాబు చెప్పినట్టు చివర సాగదీసేవాడు. వాడు నీళ్లు తాగి వచ్చేలోగా వాడి చెప్పు ఒకటి బల్ల కింద దాచాను. "నా చెప్పు ఎవరు తీశారు?" అని నిజంగా అడిగాడు. వెంటనే "ఇప్పుడు గొడుగు కోసం అడుగు" అన్నాను, అదే టేకు ఉంచాము. మూడు టేకులలో రాని వాక్యాన్ని వదిలి తరువాత మళ్లీ అడగాలి. ఇరవై నిమిషాలు పని, పది నిమిషాలు ఆట, అలా రెండు విడతలతో ఆ రోజు ముగించాలి. అరుపులు, ఏడుపులు చిట్టచివర.

కోయిల: 1965లో చార్లీ బ్రౌన్ అనే అమెరికా కార్టూన్ క్రిస్మస్ కార్యక్రమానికి చదవడం రాని పాపకు మాటలు ముక్కలుగా అందించి అనిపించారు. ఆ పలుకే అందరికీ నచ్చింది కదా!

గాజుగది: నిజమే, కానీ అది ఒక్క అరగంట కార్యక్రమం. ప్రతి వారమూ పాప మీరు అందించిన పలుకునే అనుకరిస్తే చివరకు వినిపించేది మీరే, పాప కాదు.

సీతమ్మ: మా అబ్బాయి చేత ఒకచోట అరుపుల దృశ్యాలే మొదట చెప్పించి, నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మూడు రోజులు వాడికి గొంతు పెగలలేదు. అడిగితే చట్టం ఐదు గంటలకు ఒప్పుకుంటుందన్నారు.

గాజుగది: అమ్మా, 2017 బాల కార్మిక నిబంధనలలో ఐదు గంటలన్నది రోజుకు గరిష్ఠ పరిమితి. విరామం లేకుండా మూడు గంటలు మించకూడదని కూడా అందులోనే ఉంది. పిల్లల గొంతుకు అది కొలత కాదు.

కోయిల: అంటే స్టూడియోకు గంటల లెక్కన కట్టే అద్దె ఎవరు భరిస్తారు? పదకొండేళ్లుగా పిల్లల గొంతు ఇచ్చి నా ఇల్లు నడుపుతున్నాను. "సహజం" అనే మాట వచ్చినప్పటి నుండి నన్ను పిలిచేవారు తగ్గిపోయారు. మీరంతా టేకుల గురించి మాట్లాడుతున్నారు, నేను నా పని గురించి మాట్లాడుతున్నాను.

గాజుగది: ఆ మాట మొదటే చెప్పి ఉండవలసింది. మీ బాధ నాకు అర్థమైంది, కానీ దానికి పాపను తప్పించడం జవాబు కాదు. పిల్లలు అరవలేని దృశ్యాలకు మీ వంటివారిని పిలవాలని నేను నిర్మాతలను అడుగుతూనే ఉన్నాను.

కోయిల: అరుపులకు మాత్రమేనా?

బొమ్మలబండి: నిన్న కాగితం తీసేశాము. మొదటి విడత బాగా వచ్చింది. రెండవ విడతలో పాపకు ముందు పన్ను ఊడి "స" అంతా గాలిగా పోతోంది. ఇప్పటికే ముగిసిన రెండు ఎపిసోడ్లతో ఇది కలవదేమో.