పాటలో ‘వంశధార’ను ఏఐ గొంతు ‘వన్స దార’ అంటోంది, ఎలా రాయాలి?

గుణుపురం నుంచి అడిగినవారు:
మా పాపకు ఒక జోలపాట రాశాను. ఏఐ యాప్‌లో పెట్టి పాడించాను. రాగం బాగుంది, కానీ మొదటి లైనే పాడైపోయింది. ‘వంశధార ఒడ్డున చల్లని వెన్నెల’ అని రాస్తే ‘వన్స దార ఒడ్డున’ అని పాడుతోంది. మా ఊరి ఏరు పేరే అలా వినిపిస్తే మనసుకు కష్టంగా ఉంది. ఐదుసార్లు మళ్లీ పాడించినా అంతే.

పర్లాకిమిడి తమ్ముడు:
అక్కా, పాటంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసేయండి. `vamshadhaara` అని పెడితే నాకు సరిగ్గా పలికింది.

రాయగడ రికార్డింగ్ మాస్టారు:
తమ్ముడు చెప్పింది ఒక్క మాటకైతే పనిచేస్తుంది. పాటంతా అలా రాస్తే మాత్రం ‘త’కూ ‘ట’కూ, ‘ల’కూ ‘ళ’కూ తేడా పోతుంది. `kala` అని ఉంటే అది కలో, కళో, కాలమో యాప్‌కి ఎలా తెలుస్తుంది? గొంతులోకి ఇంగ్లీషు యాస కూడా వచ్చేస్తుంది.

ఇక్కడ చిక్కంతా సున్నాతో, అమ్మా. మనం సున్నాను తర్వాతి అక్షరాన్ని బట్టి పలుకుతాం. ‘చందమామ’లో అది ‘న్’, ‘పంపు’లో ‘మ్’. శ, స, హ ముందు కూడా మన నోట్లో ‘మ్’కు దగ్గరగానే వస్తుంది, యాప్ అక్కడ ‘న్’ వేసేస్తోంది. అందుకే ‘వమ్శధార’ అని రాసి చూడండి. ‘సింహాచలం’ ఉంటే ‘సిమ్హాచలం’ అని రాయాలి.

గుణుపురం నుంచి అడిగినవారు:
‘వమ్శధార’ అని పెట్టాను. ‘వమ్శ’ బాగా వచ్చింది మాస్టారూ! కానీ ‘ధార’ని గబగబా మింగేసి ‘దర’ అంటోంది. ఇంకోటి, ఊరికే ఉండలేక పాటలో సున్నాలన్నీ మార్చేశాను. ‘చన్దమామ’ అని రాసేసరికి అంతకుముందు బాగున్నది కాస్తా ‘చన్... దమామ’ అని విరిగిపోయింది.

రాయగడ రికార్డింగ్ మాస్టారు:
బాగున్న మాటను ముట్టుకోవద్దు. పాత రూపమే పెట్టేయండి. తప్పు పలికిన మాట ఒక్కటే మార్చి, మిగతా పాట అలాగే ఉంచి మూడుసార్లు పాడించండి. ఒకే సాహిత్యాన్ని అది ప్రతిసారీ ఒకేలా పాడదు కాబట్టి ఒక్కసారి విని తేల్చకూడదు. మూడింట్లో రెండుసార్లు సరిగ్గా వస్తే ఆ రూపం నిలిచినట్టే.

‘ధార’ కోసం మధ్యలో ఖాళీ ఇచ్చి ‘వమ్శ ధార’ అని రాయండి. ఖాళీ ఇస్తే ‘ధా’ కొత్త మాటలా మొదలవుతుంది, దీర్ఘం నిలబడే అవకాశం ఎక్కువ. ఆ లైనులో అక్షరాలు ఎక్కువైతే కూడా దీర్ఘాలు నలిగిపోతాయి. అవసరమైతే ‘ఒడ్డున’ని తర్వాతి లైనులోకి దించండి. విన్నప్పుడు కాగితం చూడవద్దు. పాట తెలియని వాళ్లకు వినిపించి, విన్నది రాయమనండి. మన చెవి మనం రాసుకున్నదే వింటుంది.

కాశీనగర్ టీచరమ్మ:
ఇలా తప్పు స్పెల్లింగులు రాస్తే ఎలాగండీ? ఇక్కడ ఒడిశాలో మన పిల్లలకు తెలుగు చదివే అవకాశమే తక్కువ. ‘వమ్శధార’ అని చూస్తే అదే నేర్చుకుంటారు.

గుణుపురం నుంచి అడిగినవారు:
టీచర్‌గారూ, అది యాప్‌కి ఇచ్చే ప్రతి మాత్రమే. వీడియోలో కనిపించే అక్షరాలు ‘వంశధార’ అనే ఉంటాయి. రెండు ప్రతులూ వేరుగా దాచుకున్నాను.

బరంపురం బాబాయి:
మా అన్నయ్య కూతురి పేరు జ్ఞానేశ్వరి. పుట్టినరోజు పాటలో ‘గ్యానేశ్వరి’ అని పాడింది. ఒడియా వాళ్లు అలాగే పిలుస్తారు కనుక చుట్టుపక్కల ఎవరికీ తేడా తెలియలేదు, మా అన్నయ్యకు మాత్రం నచ్చలేదు. ‘గ్నానేశ్వరి’ అని రాశాక మనలా పలికింది.

గుణుపురం నుంచి అడిగినవారు:
‘వమ్శ ధార’ మూడుసార్లూ సరిగ్గా వచ్చింది! మా అత్తయ్యకు వినిపిస్తే ‘వంశధార ఒడ్డున’ అని తనే చెప్పింది. ఇక ‘చల్లని’, ‘జోల’ మిగిలాయి. ‘చల్లని’లో ‘చ’ మన ‘చల్ల’లోని ‘చ’లా కాకుండా ‘చిలక’లోని ‘చ’లా పలుకుతోంది. ‘జోల’లో ‘జ’ కూడా అంతే.

రాయగడ రికార్డింగ్ మాస్టారు:
‘త్సల్లని’ అని రాస్తే దగ్గరగా వస్తుంది. ‘ట్స’ వద్దు, మొరటుగా ఉంటుంది. ఆ పలుకుకు ౘ, ౙ అని అక్షరాలున్నాయి కానీ, నేను పెట్టి చూస్తే యాప్ వాటిని పాడకుండా వదిలేసింది. ‘జోల’కు మాత్రం నాకు ఇంతవరకూ దారి దొరకలేదమ్మా. `zola` అని రాస్తే మరీ పల్చగా, గాలి ఊదినట్టు వస్తుంది. ‘ద్జోల’ అంటే ముందు ‘ద’ విడిగా వినిపిస్తుంది. ఎవరికైనా కుదిరితే ఆ లైను ఇక్కడ పెట్టండి.

పర్లాకిమిడి తమ్ముడు:
నేను ఈ రాత్రికి ‘లాలిజోల’ అని కలిపి రాసి చూస్తాను మాస్టారూ. మాట మధ్యలో పడితే ఆ ‘జో’ మెత్తబడుతుందేమో.