[అప్‌డేట్] ముత్తవ్వ చీర రంగు తేలింది

నా ప్రశ్న: "1920ల నాటి నలుపు-తెలుపు ఫొటోలో ముత్తవ్వ చీర దాదాపు నల్లగా ఉంది. ఇంట్లో అందరూ ఎర్రచీర అంటున్నారు. కంప్యూటర్‌లో రంగులద్దుతూ ఎరుపు వేస్తే బురదరంగు వస్తోంది. పసుపు మరకలూ ఉన్నాయి. ఏం చేయాలి?"

సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు. ఫొటోలు బాగుచేసే నిపుణురాలికి చూపిస్తే విషయం తేలింది. ఇది ఆర్థోక్రొమాటిక్ ప్లేటు మీద తీసినది. అది ఎరుపును పట్టుకోదు, నీలాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే ఎర్రచీర నల్లగా, లేత నీలం తెల్లగా పడతాయి. పెదవులు, బొట్టు కూడా మరీ నల్లగా ఉండటమే ఆనవాలు. అంటే ఇంట్లోవాళ్ల మాట నిజమయ్యే అవకాశం ఉంది, ఫొటో దాన్ని కాదనడం లేదు.

బురదరంగుకు కారణం లేయర్ మోడ్. Color మోడ్ కింది వెలుతురును మార్చదు, కాబట్టి నలుపు మీద ఎరుపు నలుపుగానే ఉంటుంది. ముందు చీరకు మాత్రమే మాస్క్ వేసి, Curvesతో మధ్యటోన్లను కొద్దికొద్దిగా పైకి లేపాలి. మడతల నీడలు చెరిగిపోతుంటే అక్కడ ఆగాలి. ఆ తర్వాతే పైన ఎరుపు లేయరు. మెరుపులో, గాఢమైన నీడలో రంగు సాంద్రత తగ్గిస్తే ప్లాస్టిక్‌లా కనిపించదు.

పసుపు మరకలకు రంగులో స్కాన్ చేసి రెడ్ ఛానెల్ ఒక్కటే తీసుకోమన్న సలహా బాగా పనిచేసింది. మరక బ్లూ ఛానెల్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. స్కాన్ డీపీఐ ఇంకా పెంచడం వల్ల ఒరిగిందేమీ లేదు, కాగితపు గరుకు మాత్రం పెద్దదైంది.

అంచు డిజైన్ ఫొటోలో లేదు కనుక కొత్తగా గీయలేదు. రంగులు ఊహించినవని ఫైల్ పేరులోనే రాసి, అసలు స్కాన్‌ను విడిగా ఉంచాను.