రివ్యూకి రిప్లై ఇవ్వాలి, కానీ ఆయన మా పేషెంట్ అని కూడా చెప్పకూడదంట, ఎలా రాయాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా అన్నయ్యది చిన్న క్లినిక్ అండీ, ఫోన్లు, గూగుల్ పేజీ నేనే చూస్తా. మొన్న ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చి "గంటన్నర కూర్చోబెట్టారు, అనవసరంగా టెస్టులు రాశారు, డబ్బు మనుషులు" అని పెట్టాడు. నాకు మండి, ఏ తారీఖున వచ్చాడో, షుగర్ ఎంత ఉందో, ఆ టెస్ట్ ఎందుకు రాయాల్సొచ్చిందో అంతా టైప్ చేసేశా, పోస్ట్ నొక్కబోతుంటే అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం పేషెంట్ సంగతి డాక్టర్ బయటపెట్టకూడదంట, ఆయనే రాసుకున్నా సరే మనం అవునని కూడా అనకూడదంట. పైగా ఆ రివ్యూలో ఆయన సొంత పేరే ఉంది, పక్కింటోళ్ళు చదివినా షుగర్ సంగతి తెలిసిపోద్ది కదా, అది నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఇలా మార్చా:

"పేషెంట్ల వివరాలు మేం ఇక్కడ మాట్లాడమండీ. మా దగ్గర సాయంత్రం ఓపీలో రద్దీ ఉంటుంది, ఎమర్జెన్సీ వస్తే టోకెన్ వరస మారుతుంది. ఏ టెస్ట్ ఎందుకో అడిగితే డాక్టర్ గారు చెప్తారు. క్లినిక్ నంబరుకి ఫోన్ చేయండి, మాట్లాడదాం."

ముందు "మీకు కలిగిన ఇబ్బందికి సారీ" అని కూడా పెట్టా, కానీ అలా అంటే వచ్చాడని ఒప్పుకున్నట్టేగా అని తీసేశా. ఇప్పుడు చదివితే మరీ గవర్నమెంట్ నోటీసులా లేదూ? ఆయన వచ్చినట్టు తెలియకుండా కాస్త మర్యాదగా సారీ చెప్పే మాట ఏదన్నా ఉందా? క్లినిక్, ల్యాబ్ నడిపేవాళ్ళు మీరెలా రాస్తారో చెప్పండి ప్లీజ్.