వీపు మీది సిస్ట్ తీసే ఆపరేషన్‌కు తెలుగులో అంగీకార పత్రం ఎలా రాయాలి?

నర్సింగ్ ఇన్‌ఛార్జ్, మారతహళ్లి, బెంగళూరు:

మా చిన్న ఆసుపత్రిలో అంగీకార పత్రాలు ఇంగ్లీషులోను, కన్నడంలోను ఉన్నాయి గాని, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవారి కోసం తెలుగులో ఏదీ లేదు. వీపు మీది సిస్ట్‌ను మత్తు ఇంజెక్షన్‌తో తీసే ఆపరేషన్‌కు ఒకటి తయారుచేయమని నాకు అప్పగించారు. పాత పత్రాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఇలా వచ్చింది: "ఆపరేషన్ వలన కలుగు సమస్త ప్రమాదములు నాకు వివరించబడినవి. వైద్యుడు అవసరమని భావించిన మరే ఇతర చికిత్సనైనా చేయుటకు సమ్మతించుచున్నాను." దీన్ని చదివి సంతకం చేసిన ఒక పెద్దాయనను, ఏ ప్రమాదాలో చెప్పండి అని అడిగితే, "అవన్నీ మీకు తెలుసు కదమ్మా" అన్నారు. దీని స్థానంలో ఏమని రాయాలో దయచేసి చెప్పగలరు.

ఆసుపత్రి పరిపాలన విభాగ ఉద్యోగి, జయనగర్:

2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో అంగీకారం గురించి స్పష్టంగా చెప్పింది కాబట్టి, ప్రాణాపాయంతో సహా ఊహించగల ప్రతి ప్రమాదాన్నీ రాయడమే ఆసుపత్రికి శ్రేయస్కరం. రోగి స్త్రీ అయితే భర్త సంతకం, వయసు మళ్లినవారైతే కొడుకు సంతకం కూడా తీసుకోండి. "మరే ఇతర చికిత్సనైనా" అన్న మాటను మాత్రం తీసేయకండి, అది మీకు రక్షణ.

విశ్రాంత సర్జన్, చెన్నై:

పైన చెప్పిన తీర్పు సరైనదే గాని, అందులో ఉన్నది దాదాపు దీనికి విరుద్ధం. ఆ కేసులో రోగి పరీక్ష కోసం చేసే లాపరోస్కోపీకి అంగీకరించారు. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తొలగించారు. వయసు వచ్చి, తన నిర్ణయం తాను తీసుకోగల వ్యక్తి తాత్కాలికంగా మత్తులో ఉన్నప్పుడు, ప్రాణం మీదికి వస్తే తప్ప తల్లి అంగీకారం చెల్లదని కోర్టు తేల్చింది. కాబట్టి "మరే ఇతర చికిత్సనైనా" అన్న వాక్యం మీరు అనుకున్నంత రక్షణ ఇవ్వదు. భర్త సంతకమో, కొడుకు సంతకమో రోగి సంతకానికి బదులు కాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి మాత్రం తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలి. ప్రమాదాల విషయంలో కూడా, చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పాలని అన్నారే గాని, అరుదైనవీ, ఊహకు మాత్రమే అందేవీ ఏకరువు పెట్టి రోగిని భయపెట్టమని అనలేదు.

ఇక అమ్మా, మీ పత్రానికి వస్తాను. వీపు పైభాగంలో మూడు సెంటీమీటర్ల సిస్ట్ ఉన్న వ్యక్తి మీ ముందున్నాడనుకుని, ఆయన నోటితో చెప్పినట్టే రాయండి:

"నా వీపు మీద చర్మం కింద చిన్న తిత్తిలాంటి గడ్డ ఉంది. ఇది ప్రమాదకరమైనది కాదని డాక్టరు గారు అనుకుంటున్నారు. నిర్ధారణ కోసం, తీసిన గడ్డను పరీక్షకు పంపుతారు. గడ్డ చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నేను మెలకువగానే ఉంటాను. నొక్కినట్టు, లాగినట్టు తెలుస్తుంది. నొప్పి తెలిస్తే వెంటనే చెబుతాను, మరికొంత మత్తు ఇస్తారు. చర్మాన్ని కోసి తిత్తిని మొత్తంగా తీసి కుట్లు వేస్తారు."

తరువాత, తప్పకుండా జరిగేవాటిని, జరిగే అవకాశం ఉన్నవాటిని వేరువేరుగా రాయండి. మచ్చ పడవచ్చు అని రాయడం సరికాదు, ఎందుకంటే మచ్చ తప్పకుండా పడుతుంది. జరిగే అవకాశం ఉన్నవి ఇవి: గాయంలో చీము పట్టడం, లోపల రక్తం చేరి ఉబ్బడం, కుట్లు తెగి గాయం విచ్చుకోవడం, మచ్చ చుట్టూ తిమ్మిరిగా ఉండటం, తిత్తి గోడలో ఏ కొంచెం మిగిలినా గడ్డ మళ్లీ రావడం. మత్తు మందు పడకపోవడం అరుదే అయినా తీవ్రమైనది, కాబట్టి పళ్లు తీయించుకున్నప్పుడో, ఇదివరకు మరెప్పుడో ఇబ్బంది వచ్చిందా అని అక్కడే అడగండి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పాలనీ, తమంతట తాము ఆపకూడదనీ కూడా రాయండి.

వేరే మార్గాలు అంటే మూడు వాక్యాలు చాలు. "ఇబ్బంది లేకపోతే గడ్డను అలాగే వదిలి గమనించవచ్చు, పెరగవచ్చు, చీము పట్టవచ్చు, లేదా ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. చీము పడితే కోసి చీము మాత్రం తీయవచ్చు, కాని తిత్తి మిగిలితే గడ్డ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. యాంటీబయాటిక్ మాత్రలతో తిత్తి పోదు."

గృహిణి, పెరంబూర్, చెన్నై:

నాకు భుజం మీద ఇలాంటి గడ్డనే తీశారు. పత్రంలో "మచ్చ" అని ఒక్క మాట ఉండేది. కొన్ని నెలలకు ఆ మచ్చ కోత గీతను దాటి లావుగా పెరిగి దురద పెట్టసాగింది. అది కీలాయిడ్ అని తరువాత చెప్పారు. మా అక్కకు చెవి కుట్టించిన చోట కూడా అలాగే వచ్చింది. ముందే అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని, బహుశా గడ్డను అలాగే ఉంచుకునేదాన్ని.

విశ్రాంత సర్జన్, చెన్నై:

మీరు చెప్పినది విలువైన విషయమమ్మా. భుజం, ఛాతీ, వీపు పైభాగం కీలాయిడ్ ఎక్కువగా వచ్చే చోట్లు. "పాత గాయాల మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగాయా? ఇంట్లో ఎవరికైనా అలా ఉందా?" అన్న ప్రశ్నను పత్రంలోనే చేర్చడం మంచిది.

పీజీలో ఉండే ఐటీ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్:

ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో కూడా ఈ ప్రమాదాలన్నీ రాయాలా? ఆసుపత్రిలో రాత్రి ఉండకపోతే డబ్బు ఇస్తారా?

నర్సింగ్ ఇన్‌ఛార్జ్:

అది వేరే పత్రం బాబూ, మీ పాలసీ కాగితం చూసి కంపెనీనే అడగండి.

డాక్టరు గారూ, ఒక చిక్కు ఉంది. ఓపీలో మామూలుగా ఉన్న గడ్డ, ఆపరేషన్ రోజుకు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా తయారై వస్తే ఏం చేయాలి? అప్పటికే సంతకం అయి ఉంటుంది.

విశ్రాంత సర్జన్, చెన్నై:

అసలు మెలిక అక్కడే ఉంది. చీము పట్టిన సిస్ట్‌లో తిత్తి గోడ చుట్టుపక్కల కణజాలానికి అంటుకుని, పట్టుకుంటే పిగిలిపోతుంది, మొత్తంగా రాదు. అందుకే చాలామంది సర్జన్లు ఆ రోజు చీము మాత్రం తీసి, గాయాన్ని కుట్టకుండా కట్టు కట్టి, వాపు పూర్తిగా తగ్గాక, సాధారణంగా కొన్ని వారాల తరువాత, తిత్తిని తీస్తారు. అప్పుడు రోగి ఒప్పుకున్నది ఒకటి, జరిగేది మరొకటి. కుట్లుండవు, రోజూ కట్టు మార్చుకోవాలి, రెండో ఆపరేషన్ రావచ్చు. ముందే ఇలా రాసిపెట్టండి: "ఆ రోజు గడ్డలో చీము కనిపిస్తే తిత్తిని తీయరు. చీము తీయడానికి మాత్రం ☐ ఒప్పుకుంటాను ☐ ఒప్పుకోను, నాతో మళ్లీ మాట్లాడాలి." రోగి మెలకువగానే ఉంటాడు కాబట్టి బల్ల మీద పడుకోబెట్టే ముందే మళ్లీ అడగవచ్చు, అడగాలి కూడా.

పరిపాలన విభాగ ఉద్యోగి, జయనగర్:

ఈ గడుల పద్ధతికి ఒప్పుకుంటాను. కాని "చీము పట్టవచ్చు" అంటే నూటికి ఎంతమందికో అంకె రాయకపోతే రోగికి ఏం తెలుస్తుంది?

విశ్రాంత సర్జన్, చెన్నై:

మీ ఆసుపత్రి సొంత రిజిస్టరులో లెక్క ఉంటే రాయండి. ఎక్కడిదో అంకె తెచ్చి వేయడం నాకు నచ్చదు. దానికన్నా, "రెండు మూడు రోజుల తరువాత నొప్పి తగ్గకుండా పెరిగినా, ఎరుపు పాకినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి రావాలి" అన్న వాక్యం రోగికి ఎక్కువ పనికొస్తుంది.

నర్సింగ్ ఇన్‌ఛార్జ్:

మా సర్జన్ గారు అంకెలే కావాలంటున్నారు, ఆ సంగతి ఆయనతో మాట్లాడాలి. వేలిముద్ర వేసేవారికి పత్రం చదివి వినిపించి, బయటి సాక్షి చేత సంతకం చేయిద్దామనుకుంటున్నాను గాని, ఒంటరిగా బస్సెక్కి వచ్చేవారికి సాక్షిని ఎక్కడి నుంచి తేవాలి? మా సిబ్బందిలో ఒకరు చేస్తే సరిపోతుందా?

విశ్రాంత సర్జన్, చెన్నై:

ఆపరేషన్‌లో పాల్గొనని వ్యక్తి అయితే నాకు అభ్యంతరం లేదు, అయితే మీ ఆసుపత్రి న్యాయ సలహాదారును ఒకసారి అడగండి. సాక్షి ఎవరైనా సరే, "మీకు ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి" అని రోగిని అడిగి, ఆయన చెప్పిన మాటను పత్రం అడుగున రెండు వరుసల్లో రాయించండి. పత్రాన్ని ఓపీలోనే ఇచ్చి ఇంటికి పంపండి, ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఇవ్వకండి.