సంతకం వెనకాల తెలుపు తీసి ఇంకు నీలం చెయ్యాలి: డిలీట్ కొడితే చాలదా?

పలాస_జీడి: నాన్నగారు నల్ల జెల్ పెన్నుతో పెట్టిన సంతకం స్కాన్ చేశాను. బిల్లు మీద స్టాంపుకి అడ్డంగా పడాలి, వెనక తెలుపు ఉండకూడదు, ఇంకు ముదురు నీలం అవ్వాలి. తెలుపు సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే గీతల చుట్టూ తెల్ల అంచు ఉండిపోతోంది, ఏటి చెయ్యాలి?

రాజాం_కుర్రోడు: టాలరెన్స్ పెంచి మళ్ళీ డిలీట్ కొట్టు బ్రో, దానికింత ఆలోచనేటి.

సిక్కోలు_డీటీపీ: పెంచితే అంచు పోద్ది, దాంతో పాటు సన్నగా లాగిన తోక కూడా పోద్ది. అంచులో పిక్సెళ్ళు పూర్తి నలుపూ కాదు పూర్తి తెలుపూ కాదు, ఇంకూ కాయితం కలిసిన బూడిద రంగు, వాటిని ఉంచినా తప్పే తీసినా తప్పే. అందుకే డిలీట్ జోలికి పోకుండా, ఎంత నల్లగా ఉంటే అంత కనపడేలా మాస్క్ చేసి, రంగు మొత్తం కొత్తగా పోస్తాను. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఒక్క లైను:

```
magick sign.jpg -colorspace gray -negate -level 15%,75% -background "#1A237E" -alpha shape sign.png
```

నలుపు 15 శాతం కన్నా తక్కువున్నది కాయితం కింద లెక్క, పూర్తిగా మాయం. 75 దాటింది గట్టి ఇంకు. మధ్యలోవి సగం సగం కనపడతాయి, అంచు నున్నగా వచ్చేది అందుకే.

బొబ్బిలి_అమ్మడు: నాకూ ఇదే సమస్య అండీ, ఎగ్జామ్ అప్లికేషన్‌కి సంతకం జేపీజీ అడిగాడు, ట్రాన్స్‌పరెంట్ చేసి పెడితే వెనకాలంతా నల్లగా వచ్చేసింది!

సిక్కోలు_డీటీపీ: మీది వేరే కథ అమ్మా, జేపీజీలో ట్రాన్స్‌పరెంట్ అనేదే ఉండదు. తెల్ల కాయితం మీద స్కాన్ చేసింది అలాగే పెట్టీండి.

పలాస_జీడి: అంచు పోయింది గురూగారూ! కానీ ఎడం పక్క కాయితం మడత దగ్గర నీలం పొగలాగ ఏదో ఉంది.

సిక్కోలు_డీటీపీ: అది మడత నీడ, దాన్ని కూడా ఇంకు అనుకుంది. 15ని 22 చేసి చూడు, తోక తెగుతుంటే మళ్ళీ తగ్గించి ఆ మూల మాత్రం చేత్తో తుడిచెయ్. తెల్ల పేజీ మీద చూసి బాగుందనుకోకు, కింద పసుపు లేయరు పెట్టి కూడా చూస్తే పొగ బయటపడిపోద్ది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపు, ఫొటోగా పంపావంటే జేపీజీ అయిపోయి మళ్ళీ మొదటికొస్తావు.

చీపురుపల్లి_మాష్టారు: ఇదంతా ఎందుకు బాబూ, నీలం పెన్నుతో ఇంకోసారి పెట్టించుకుంటే పోలా? ఒకే నీలం పోస్తే అచ్చేసినట్టుంటది.

సిక్కోలు_డీటీపీ: ఒత్తిడి తేడా మాస్క్‌లో ఉంటది మాష్టారూ, తేలిగ్గా గీసిన చోట పల్చగానే కనపడుద్ది. కాకపోతే జెల్ పెన్ను అంతా గట్టి నలుపే, అక్కడ మీ మాట కొంత నిజం.

రాజాం_కుర్రోడు: నాకు టాలరెన్స్ 40తో బానే వచ్చింది మరి.

సిక్కోలు_డీటీపీ: తెల్ల బిల్లు మీద పెట్టుంటావు. స్టాంపు మీద పెట్టి స్క్రీన్‌షాట్ పెట్టు, చూద్దాం.

పలాస_జీడి: 20 దగ్గర పొగ పోయింది, తోక ఉంది. నాన్నగారు చూసి, ఇది నా సంతకమే గానీ పెన్ను నాది కాదు అంటున్నారు.